కాల్‌లో అంత ఓపిక, ఇంట్లో ఇంత చిరాకు ఎందుకు?

"మూడేళ్లుగా ఒక మొబైల్ కంపెనీ కస్టమర్ కేర్‌లో తెలుగు కాల్స్ తీసుకుంటున్నాను. ఎవరెంత అరిచినా మెత్తగానే మాట్లాడతాను, స్కోరు కూడా బాగానే వస్తుంది. ఇంటికొచ్చాక మాత్రం బాబు 'అమ్మా' అని రెండోసారి పిలిచినా విసుగొచ్చేస్తోంది. 'బయటివాళ్లతో అంత ఓపిక, మా దగ్గరకొచ్చేసరికి ఏమవుతుంది నీకు?' అంటున్నారు మా ఆయన. మా వదిన స్టాఫ్ నర్సు, ఆవిడదీ ఇదే పరిస్థితి. అసలు ఇది మా స్వభావమా, ఉద్యోగం వల్లా? మానేయడమేనా దారి?"

ముందు మీ ఆయన అడిగినదానికి చెప్తాను. కాల్‌లో అంత ఓపిగ్గా ఉంటున్నారు కాబట్టే ఇంట్లో అలా అవుతోంది. నేను హైదరాబాదులో 14 ఏళ్లు వాయిస్ ప్రాసెస్‌లో చేశాను. మొదట్లో మీలాగే హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ తీసుకున్నాను, తర్వాత క్వాలిటీలో కూర్చుని వేరేవాళ్ల కాల్స్ విన్నాను, చివరి కొన్నేళ్లు టీఎల్‌గా, అంటే టీమ్ లీడర్‌గా, ఫ్లోర్ మీద ఉన్నాను. మా అక్క మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సు. మీదీ మీ వదినగారిదీ సగం సగం నా ఇంట్లో చూసిన కథే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు చేసే ఈ పనికి భావోద్వేగ శ్రమ అని పేరు. ఆ పేరు పెట్టింది అమెరికాలో సామాజిక శాస్త్రం చెప్పే ఆర్లీ హోక్‌షీల్డ్ అనే ఆవిడ. 1983లో వచ్చిన తన పుస్తకం కోసం ఆవిడ డెల్టా విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లనూ, బాకీలు వసూలు చేసేవాళ్లనూ దగ్గరగా గమనించారు. ఒకరికి నవ్వుతూ ఉండటం డ్యూటీ, ఇంకొకరికి కఠినంగా ఉండటం డ్యూటీ. పైకి పూర్తిగా ఎదురెదురు పనులే. కానీ ఇద్దరూ ఆ క్షణంలో తమకేమనిపిస్తోందో పక్కన పెట్టేసి, యజమాని కోరిన మొహం పెట్టుకోవాలి. జీతం ఆ మొహానికి కూడా కలిపే ఇస్తారు.

అలా మొహం పెట్టడానికి రెండు దారులున్నాయని ఆవిడ అన్నారు. ఒకటి పైపైన నటించడం: లోపల మండిపోతున్నా గొంతులో తేనె పోయడం. రెండోది మనసునే మార్చుకోవడం. విమానంలో విసుక్కునే ప్రయాణికుడిని చూసి 'ఈయనకి విమానమంటే భయమేమో, ఇంట్లో ఏదో కష్టం ఉందేమో' అని ఊహించుకోమని ట్రైనింగ్‌లో చెప్పేవారట. అలా అనుకుంటే కోపం నిజంగానే కాస్త తగ్గుతుంది, నవ్వు పూర్తిగా అబద్ధం అవ్వదు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేసేది మొదటి దారేనని పదేపదే కనిపించింది. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అని మనవాళ్లు ఊరికే అనలేదు. మన ఉద్యోగాల్లో లేకపోయినా సరే కౌగిలించుకోమంటారు, రోజుకి 120 సార్లు.

అది లోపల ఎలా పనిచేస్తుందో నా కాల్ ఒకటి చెప్తే మీకు సులువుగా అర్థమవుతుంది.

2012 వేసవి. నల్గొండ వైపు మనిషి, తాపీ పని చేస్తాడట. 50 రూపాయలు రీచార్జ్ చేయించుకుంటే తెల్లారేసరికి కాలర్ ట్యూన్ పేరుతో 30 రూపాయలు పోయాయి. ఆయన ఆ పాట పెట్టుకోనేలేదు. "నాకు ఫోన్ చేసినోళ్లకి ఇనిపిస్తది గానీ నాకు ఇనిపిస్తదా ఆ పాట? నాకెందుకమ్మా అది?" అన్నాడు. న్యాయమైన మాట. స్క్రీన్ మీద చూస్తే నాలుగు నెలల కిందట ఇలాగే ఒకసారి డబ్బు తిరిగి వేసినట్టుంది. ఆరు నెలల్లో ఒకసారికి మించి వేసే అధికారం నాకు లేదు, సిస్టమ్ ఒప్పుకోదు. ఇక నేను చేయగలిగింది, ఇలాంటప్పుడు అనమని మాకిచ్చిన షీట్‌లో ఉన్న మాట చెప్పడమే. "మీ ఇబ్బందిని నేను అర్థం చేసుకోగలను సర్" అన్నాను.

"అర్థమైతే ఎయ్యి మరి నా పైసలు" అన్నాడు.

నాలుగుసార్లు తిప్పి తిప్పి అదే చెప్పాను. ఐదోసారికి ఆయన తిట్టాడు, మా అమ్మను కూడా కలిపి. నేను "సారీ సర్" అన్నాను. చివర్లో "మీకు ఇంకేమైనా సహాయం చేయగలనా సర్?" అని కూడా అడిగాను, ఎందుకంటే అడక్కపోతే క్లోజింగ్ మార్కులు పోతాయి. కాల్ 6 నిమిషాల 40 సెకన్లు నడిచింది. నా గొంతు ఎక్కడా వణకలేదు. కానీ ఫోన్ పెట్టేసేసరికి నా వేళ్లు చల్లబడిపోయి ఉన్నాయి, దవడలు బిగుసుకుపోయాయి. ఎదుటి మనిషి మీద కోపం రావడంలేదు, ఆయన చెప్పింది నిజం. కంపెనీ మీద చూపించే వీల్లేదు. మింగలేక కక్కలేక కూర్చున్నాను.

వేళ్లు చల్లబడటం నా ఊహ కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి చూడలేని ఆపరేషన్ దృశ్యాలు చూపించారు. వాళ్లలో సగంమందికి 'మీకేమనిపిస్తోందో పక్కవాళ్లకి తెలియకుండా మొహం మామూలుగా ఉంచండి' అని చెప్పారు. వాళ్లు ఉంచగలిగారు. కానీ లోపల వాళ్లకి కలిగిన అసహ్యం ఏమీ తగ్గలేదు. పైగా వేళ్లలో రక్తం పారే తీరు, చర్మం మీద చెమట లాంటి కొలతల్లో శరీరం మీద ఒత్తిడి మిగతావాళ్లకంటే ఎక్కువ కనిపించింది. అంటే మొహాన్ని ఆపితే లోపలిది ఆగదు, ఆపినందుకు శరీరం ఇంకా ఎక్కువ కష్టపడుతుంది. మీరు కుర్చీలోంచి కదలకుండా పనిచేసి కూడా సాయంత్రానికి బరువులు మోసినట్టు అయిపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు ఆ కాల్ తర్వాత ఏం జరిగిందో చెప్తాను. నాకు అసలు ముఖ్యమనిపించేది అదే.

మాకు ర్యాప్ టైమ్ 15 సెకన్లు. అంటే కాల్ కట్ అయ్యాక కోడ్ ఎంచుకుని, రెండు ముక్కలు కామెంట్ రాసేలోపే చెవిలో బీప్ వచ్చి ఇంకో కాల్ దానంతటదే తగులుకుంటుంది. ఎత్తాలా వద్దా అన్నది మన చేతుల్లో లేదు. బీప్ రాగానే మళ్లీ గొంతు పైకి లేపి నవ్వు వినిపించేలా "నమస్కారం" అనాలి. గొంతులో నవ్వు పోకుండా చూసుకోమని మా మానిటర్ల పక్కన చిన్న అద్దాలు అంటించారు. ఆ అద్దంలో మొహం చూసుకుని నవ్వు తెచ్చుకున్నాను, తర్వాతి రెండు కాల్స్ గడిచిపోయాయి. మూడో కాల్ ఒక పెద్దావిడ. బ్యాలెన్స్ ఎలా చూసుకోవాలమ్మా అని అడిగింది. ఏ నంబర్లు నొక్కాలో గబగబా చెప్పేసి, ఆవిడ ఇంకేదో అనబోతుంటే ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను. ఆ నెల క్వాలిటీకి వెళ్లిన కాల్స్‌లో ఈ రెండూ పడ్డాయి. నల్గొండ ఆయన కాల్‌కి ఎంపతీలో పదికి పది. పెద్దావిడ కాల్‌కి సున్నా. "అంత కోపంగా ఉన్న కస్టమర్‌తో బాగా మాట్లాడిన దానివి, పాపం ఈవిడతో ఎందుకిలా?" అని అడిగారు క్వాలిటీ వాళ్లు. నా దగ్గర సమాధానం లేదు. మీ ఆయన మిమ్మల్ని అడిగిందీ అదే ప్రశ్న చూడండి.

తర్వాత నేనే క్వాలిటీలోకి వెళ్లినప్పుడు ఆ ప్రశ్న వదల్లేదు. ఎవరికైనా ఒక గొడవ కాల్ దొరికితే దానితో ఆపకుండా ఆ వెనక వచ్చిన నాలుగైదు కాల్స్ కూడా వినడం అలవాటు చేసుకున్నాను. చాలామందిలో ఒకటే తీరు. గొడవ కాల్‌లో పళ్ల బిగువున నిలబడతారు. దాని తర్వాత కాల్‌లో మర్యాదంతా ఉంటుంది కానీ గొంతులో ప్రాణం ఉండదు. రెండు మూడు కాల్స్ తర్వాత తప్పులు మొదలవుతాయి: కంప్లైంట్ నంబర్ ఇవ్వడం మర్చిపోవడం, ఒక ప్లాన్ బదులు ఇంకొకటి చెప్పడం, కస్టమర్ అప్పుడే చెప్పిన ఊరి పేరు మళ్లీ అడగడం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఏ పాపం తెలియని మనిషి దగ్గర విసుగు బయటపడటం.

2007లో లోరీ గోల్డ్‌బర్గ్, అలీషియా గ్రాండీ అనే ఇద్దరు పరిశోధకులు కాల్ సెంటర్‌ని ల్యాబ్‌లోనే సృష్టించి చూశారు. పాల్గొన్నవాళ్లలో కొందరికి 'ఎప్పుడూ ఉత్సాహంగా నవ్వుతూ మాట్లాడాలి' అని రూల్ పెట్టారు, కొందరిని వాళ్లకి తోచినట్టు మాట్లాడనిచ్చారు. రూల్ ఉన్నవాళ్లు ఎక్కువ అలసిపోయారు, ఆర్డర్లు రాసుకోవడంలో ఎక్కువ తప్పులు చేశారు. కస్టమర్ దురుసుగా మాట్లాడినప్పుడు కూడా అంతే. మొహాన్నీ గొంతునీ కాపలా కాయడానికే బుర్రలో కొంత భాగం పోతే చేతిలో పనికి మిగిలేది తక్కువ. మా ఫ్లోర్ మీద మేం 'అశ్రద్ధ' అని మార్కులు కోసిన తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే అయి ఉంటుందని నాకు ఆ పరిశోధన గురించి తెలిసినప్పుడు బాధేసింది. నేను కూడా ఎంతోమందికి అలా కోశాను.

ఒక చిన్న లెక్క వేద్దాం. బ్రేకులు తీసేస్తే కాల్స్ మీద ఏడున్నర గంటలు, అంటే 27,000 సెకన్లు. ఒక్కో కాల్‌కి సగటున 210 సెకన్లు, ర్యాప్ 15 కలిపితే 225. రోజుకి 120 కాల్స్. అందులో ఆరింట్లో ఒకటి గొడవ కాల్ అనుకున్నా 20 అవుతాయి. ఆ 20 సార్లూ శరీరం సర్దుకోవడానికి దొరికే సమయం 15 సెకన్లే. ఇంట్లో ఎవరితోనైనా నిజంగా గొడవపడితే మీరు మామూలు మనిషి అవడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పది నిమిషాలు, అరగంట, ఒక్కోసారి పూట. ఇక్కడ ఒకటి సర్దుకోకముందే రెండోది వచ్చి పడుతుంది. లాగ్ అవుట్ చేసి క్యాబ్ ఎక్కేటప్పటికి అవన్నీ ఇంకా ఒంట్లోనే ఉంటాయి. మీ బాబు రెండోసారి పిలిచే 'అమ్మా' మీ శరీరానికి 121వ కాల్. అదీ మీరు మొహం పెట్టుకోనవసరం లేని మొదటి కాల్. అందుకే అక్కడ బయటపడుతుంది.

నేను ఇన్నేళ్లు చూసి నమ్మేదేమిటంటే, తిట్లు ఎన్ని పడ్డాయన్న దానికంటే రెండు విషయాలు మనిషిని ఎక్కువ దెబ్బతీస్తాయి. ఎదుటివాళ్ల సమస్య తీర్చే అధికారం చేతిలో లేకపోవడం ఒకటి, ఒక కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య సందు లేకపోవడం ఇంకొకటి. నల్గొండ ఆయన 30 రూపాయలు నేను వేయగలిగి ఉంటే ఆయన మొదటి రెండు నిమిషాలు అరిచినా నాకు ఆ రోజు గుర్తుండేది కాదు. "అర్థం చేసుకోగలను" అన్న మాట అబద్ధమైపోవడమే నన్ను కుంగదీసింది.

టీఎల్ అయ్యాక ఈ రెండింటి మీదే పట్టుబట్టాను. మా మేనేజర్‌ని ఎనిమిది నెలలు విసిగించాక మూడు ఒప్పుకున్నారు. బూతులు తిడితే రెండుసార్లు హెచ్చరించి మూడోసారి కాల్ కట్ చేయవచ్చు, దానికి మార్కులు కోయకూడదు. అలాంటి కాల్ తర్వాత ఎవరినీ అడక్కుండా 2 నిమిషాలు ఆక్స్‌లోకి, అంటే కాల్స్ రాకుండా ఆపుకునే బ్రేకులోకి, వెళ్లొచ్చు. 50 రూపాయల లోపు తప్పుగా కోసిన డబ్బు ఏజెంటే వెనక్కి వేయొచ్చు. మొదట్లో అందరూ రెండు నిమిషాల బ్రేకుని వాడేసుకుంటారని భయపడ్డారు. అలా ఏమీ జరగలేదు, కొత్తవాళ్లు అయితే తీసుకోమని చెప్పినా మొహమాటపడేవారు. నాకు తేడా ఎక్కువగా కనిపించింది 50 రూపాయల అధికారంలో. సూపర్‌వైజర్‌కి ఇవ్వమనే కాల్స్ తగ్గాయి, పొడుగు కాల్స్ తగ్గాయి, మా టీమ్ పిల్లల గొంతుల్లో తేడా వినిపించింది. ఆ తర్వాత ఏడాది ఇంకో మేనేజర్ వచ్చి ఆక్స్ సమయం తీసేశారు. ఆ రోజు నేను గెలవలేకపోయాను.

మీ వదినగారి సంగతి కొంచెం వేరు. బయటికి ఒకేలా కనిపిస్తుంది కానీ లోపల తేడా ఉంది.

మా అక్క ఒక రాత్రి గురించి చెప్పింది. 11వ బెడ్‌లో ఒక తాత, నెల రోజుల్నుంచి ఉన్నాడు. తెల్లవారుజామున 3:40కి పోయాడు. డాక్టరు వచ్చి చూసి రాసి వెళ్లిపోయారు. కొడుకు వరండాలో నేల మీద కూలబడ్డాడు. అక్క సలైన్ తీసేసి, గొట్టాలన్నీ తీసి, ఒళ్లు తుడిచి, కళ్లు మూసి, గడ్డం కింద గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్లు కట్టింది. ఆ తాత రోజూ ఇంజెక్షన్ వేసేముందు "మెల్లగా తల్లీ" అనేవాడట. ఆ పనంతా అయ్యేసరికి ఐదు. ఆరింటికి 12వ బెడ్ పెద్దాయనకి షుగర్ చూడాలి. ఆయన అంతా వింటూనే పడుకుని ఉన్నాడు, భయంతో చేతులు వణుకుతున్నాయి. అక్క వెళ్లి "రాత్రి నిద్ర పట్టిందా నాన్నా?" అని నవ్వుతూ అడిగింది.

ఆ నవ్వు ఎవరూ షీట్‌లో రాసి ఇచ్చింది కాదు, మార్కులు వేసేవాళ్లూ లేరు. 12వ బెడ్ పెద్దాయన భయపడకూడదని ఆవిడే తెచ్చుకుంది. అందుకే నర్సులు ఈ పనిని భారంగా మాత్రమే చూడరు, తమ వృత్తిలో అసలు విలువ ఇదేనని చాలామంది అంటారు. పేషెంట్ కోసం నవ్వడం వల్ల అక్క విరిగిపోవడం నేను చూడలేదు. తాత పోయిన బాధకి ఎక్కడా చోటు దొరక్కపోవడం వల్ల విరిగిపోవడం చూశాను. ఆ రోజు ఎనిమిదింటికి హ్యాండోవర్‌లో "11 ఎక్స్‌పైర్డ్, బాడీ అప్పగించాం" అని ఒక్క లైను చెప్పి ఇంటికొచ్చింది. అక్కడితో ఆ తాత సంగతి ముగిసిపోయింది.

రెండో దెబ్బ ఇంకోవైపు నుంచి వస్తుంది. డాక్టరు రౌండ్‌కి ఆలస్యమైతే పేషెంట్ వాళ్లు అరిచేది నర్సు మీద. స్కాన్ దొరక్కపోతే నర్సు మీద. బిల్లు ఎక్కువైతే కూడా నర్సు మీదే, బిల్లింగ్ కౌంటర్ కింద ఎక్కడో ఉంటుంది, నర్సు ఎదురుగా ఉంటుంది కాబట్టి. తన చేతిలో లేని వాటన్నిటికీ తన మొహం పెట్టాల్సి రావడం మన 30 రూపాయల కథే. మా అక్క తాత పోయిన రాత్రి ఏడవలేదు. మూడు రోజుల తర్వాత ఒక పేషెంట్ తాలూకు అటెండెంటు మంచం దుప్పటి గురించి గద్దిస్తే స్టోర్ రూమ్‌లోకి వెళ్లి ఏడ్చింది.

నర్సింగ్‌లో జాగ్రత్తగా చూసుకోవాల్సిన గుర్తు ఒకటుంది. పనిలో అందరూ బెడ్ నంబర్లతోనే మాట్లాడుకుంటారు, అది మామూలే. కానీ వారం రోజులుగా ఉన్న పేషెంట్ పేరు అడిగితే గుర్తురాకపోవడం, ఎక్కువ ప్రశ్నలు వేసే పేషెంట్ ఉన్న వైపు వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్లడం, ఎవరైనా పోతే బాధకంటే ముందు 'హమ్మయ్య, ఒక బెడ్ తగ్గింది' అనిపించి తర్వాత తనమీద తనకే భయమేయడం. ఇవి వస్తే ఆవిడ చెడ్డది అయిపోయిందని కాదు అర్థం. మనసు ఇక మోయలేక మనుషుల్ని మనుషులుగా చూడటం తగ్గించుకుంటోంది. కాల్ సెంటర్‌లో దీనికి సమానమైనది, కస్టమర్ ఏడుస్తున్నా మీకు ఏమీ అనిపించకుండా టైపింగ్ సాగిపోవడం.

మామూలు అలసటకీ దీనికీ తేడా వీక్లీ ఆఫ్ రోజు తెలుస్తుంది. మామూలు అలసటైతే బాగా నిద్రపోతే సాయంత్రానికి మనిషి తేరుకుంటుంది, బాబుతో ఆడుకోవాలనిపిస్తుంది. ఇదైతే నిద్రపోయినా లేచాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. వేరేవాళ్ల ఫోన్ మోగినా ఉలిక్కిపడతారు. సంతోషమైన వార్త విన్నా మొహం నవ్వుతుంది, లోపల ఏమీ కదలదు. నాకు బాగా భయమేసిన రోజు, మా పాప పరీక్షలో ఫస్ట్ వచ్చానని చెప్తే నేను "చాలా సంతోషం అండీ" అన్నాను, కాల్‌లో అనే గొంతుతో. పాప నా వంక అలా చూస్తూ ఉండిపోయింది. మీ విషయంలో విసుగు వస్తోందంటున్నారు. నా లెక్కలో విసుగు ఉన్నంతవరకూ ఇంకా ముందు దశే, ఏమీ అనిపించకపోవడం దాని తర్వాత వస్తుంది. అందుకే ఇప్పుడే అడగడం మంచిదైంది.

ఇక ఏం చేయొచ్చో. ఇంట్లో మొదటి అరగంట గురించి మీ ఆయనతో కోపంలో ఉన్నప్పుడు కాకుండా మామూలుగా ఉన్న రోజు మాట్లాడండి. "రాగానే అరగంట నాతో ఎవరూ మాట్లాడకండి, తర్వాత నేనే వస్తాను" అని ముందే చెప్పి పెట్టుకుంటే అది అలక అనుకోరు. నేను ఆ అరగంట డాబా మీద బట్టలు మడతపెట్టేదాన్ని. చేతులు కదలాలి, మాట ఉండకూడదు, అంతే కావాలి. ఫోన్ చూస్తూ కూర్చుంటే నాకు పనిచేయలేదు.

కాల్‌లో అయితే వీలున్నచోట పైపై నటన నుంచి రెండో దారికి జరగండి. "మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను" బదులు మీరు నిజంగా చేయగలిగింది ఒకటి వెతికి చెప్పండి: "ఆ పాట ఇప్పుడే తీసేస్తున్నాను, ఇక కోయకుండా చూస్తాను. పోయిన డబ్బు వేసే అధికారం నాకు లేదు, కంప్లైంట్ రాసి నంబర్ ఇస్తాను." కస్టమర్ సంతోషించకపోవచ్చు, కానీ మీరు అన్న మాట నిజం కాబట్టి మీ లోపల గొడవ తగ్గుతుంది. దీనికీ హద్దు ఉంది. మీ అమ్మను తిడుతున్న మనిషి విషయంలో 'పాపం ఆయనకేం కష్టముందో' అనుకోమని మిమ్మల్ని మీరు బలవంతపెట్టుకోకండి. అక్కడ కావలసింది కాల్ కట్ చేసే హక్కు.

ఆ హక్కు కోరడం గొంతెమ్మ కోరిక కాదు. దక్షిణ కొరియాలో 2018 అక్టోబరు నుంచి దీనికి చట్టమే ఉంది. కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగిని తిట్టినా బెదిరించినా ఆ పని కాసేపు ఆపించడమో, విశ్రాంతి పెంచడమో, కౌన్సెలింగ్ ఇప్పించడమో యజమాని చేయాలి. అలా అడిగినందుకు ఉద్యోగిని ఇబ్బంది పెట్టకూడదు. అక్కడ చాలా కంపెనీలకి ఫోన్ చేస్తే, మీతో మాట్లాడబోయే వ్యక్తి కూడా ఒకరింటి మనిషేనని ముందుగా రికార్డు చేసిన మాట వినిపిస్తుంది.

మీ టీఎల్ దగ్గరకి వెళ్లినప్పుడు "స్ట్రెస్‌గా ఉంది" అనకండి. టీఎల్‌గా నా దగ్గరకి ఆ మాటతో వచ్చినవాళ్లకి నేను ఒక లీవు ఇవ్వడం తప్ప ఏమీ చేయలేకపోయేదాన్ని. "పోయిన వారం బూతుల కాల్స్ ఇన్ని వచ్చాయి, తేదీ, టైమ్ ఇవిగో, వాటి తర్వాత రెండు మూడు కాల్స్‌లో నాకు ఈ తప్పులు పడ్డాయి, అలాంటి కాల్ తర్వాత రెండు నిమిషాలు ఆక్స్ ఇప్పించండి" అని కాగితం మీద రాసుకుని వెళ్లండి. మేనేజర్‌తో మాట్లాడటానికి నాకు పనికొచ్చింది అలాంటి కాగితాలే. వారం రోజులు రాస్తే చాలు.

వదినగారి విషయంలో, ఎవరైనా పోయిన రాత్రి ఆ పని ఒక్కరే చేయకుండా ఇద్దరు కలిసి చేసేలా వార్డులో మాట్లాడుకోవచ్చు. మా అక్క వాళ్లు అలా మొదలుపెట్టారు. హ్యాండోవర్ అయ్యాక క్యాంటీన్లో టీ తాగుతూ పోయిన మనిషి గురించి ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు, పేరుతో. ఇన్‌చార్జ్ సిస్టర్ కూడా వచ్చి కూర్చోవడంతో చిన్నవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు. అటెండెంట్లు మీద పడి అరిచేటప్పుడు మాత్రం ఒక్కరే నిలబడి సర్దిచెప్పకుండా సెక్యూరిటీని, డ్యూటీ డాక్టర్‌ని పిలవాలి. వాళ్లు వచ్చేదాకా మౌనంగా ఉండటమే మర్యాద అనుకోనక్కర్లేదు.

ఇద్దరిలో ఎవరికైనా రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, బతకాలనిపించకపోయినా ఇవన్నీ పక్కనపెట్టి డాక్టర్‌ని కలవండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

మానేయాలా అన్నారు. నేనైతే ముందు ప్రాసెస్ మారి చూడమంటాను. బిల్లింగ్, కలెక్షన్స్ నుంచి చాట్‌కో, బ్యాక్ ఎండ్‌కో, ఇంకా మంచిది సమస్య తీర్చే అధికారం ఉన్న డెస్క్‌కో మారినవాళ్లు అదే కంపెనీలో అదే జీతంతో తేరుకోవడం చూశాను. మూడు నెలలు మారి కూడా వీక్లీ ఆఫ్ రోజు మనిషి తేరుకోకపోతే అప్పుడు మానేయడం గురించి ఆలోచించండి. ఈలోగా మీ ర్యాప్ టైమ్ ఎన్ని సెకన్లు, తిట్టే కస్టమర్ కాల్ కట్ చేయడానికి మీ దగ్గర రూల్ ఉందా లేదా, తప్పుగా కోసిన డబ్బు వెనక్కి వేయడం ఎంతవరకు మీ చేతిలో ఉంది, ఈ మూడూ ఇక్కడే రాయండి. దాన్నిబట్టి టీఎల్‌ని మొదట ఏది అడగాలో చెప్తాను.